షుగర్ మాత్ర వేసుకుని వేళకు తినని పెద్దవాళ్లకు లో షుగర్ ముప్పు ఎంతుందో చూడటం ఎలా?

షుగర్ పుస్తకంలో అంకెలన్నీ బాగున్న ముసలివాళ్లను చూస్తేనే ఈమధ్య నాకు టెన్షన్. మొన్నామధ్య ఒక అవ్వ వచ్చింది. 74 ఏళ్లు, 44 కిలోలు. ఫాస్టింగ్ 104, హెచ్‌బీఏ1సీ 6.8. ఆ అంకెలు చూస్తే ఎవరైనా "కంట్రోల్‌లో ఉంది, అవే మందులు వాడమనండి" అని రాసి పంపేస్తారు. అంతకు ముందు మూడు నెలలూ అలాగే రాసి పంపాం కూడా. ఈసారి కోడలు వెంట వచ్చింది కాబట్టి ఒక మాట బయటపడింది: "సాయంత్రం పూట మా అత్త ఒక్కోసారి ఏదేదో మాట్లాడుతుంది సార్. కాఫీ తాగితే సర్దుకుంటుంది."

ఆ "ఏదేదో మాట్లాడటం" వయసు వల్ల వచ్చే మతిమరుపు కాదు. కాఫీలోని చక్కెరతో సర్దుకునేది సాధారణంగా షుగర్ పడిపోవడమే. విలేజ్ క్లినిక్‌లో, పల్లె దవాఖానాలో, పీహెచ్‌సీలో ఇలాంటివాళ్లను చూసే నర్సులకూ, ఎంఎల్‌హెచ్‌పీలకూ, కొత్త డాక్టర్లకూ పనికొస్తుందని ఆ అవ్వ కేసునే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెబుతున్నాను. ఇంట్లో అమ్మానాన్నలను చూసుకునేవాళ్లు కూడా ఇందులో చాలా భాగం చేయొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, డోసు మార్చే పని డాక్టరుదే. మీ పని ముప్పును పట్టుకుని ఆ విషయం డాక్టరు ముందు పెట్టడం.

ముందు ఈ మాత్ర గుణం తెలుసుకోండి

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇవన్నీ సల్ఫోనైల్యూరియా జాతి మాత్రలు. ఇవి పాంక్రియాస్ మెడ మీద కూర్చుని ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. ఆ మనిషి తిన్నాడా లేదా అన్నది మాత్రకు తెలియదు. రక్తంలో షుగర్ 70కి దిగినా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అలా కాదు, అదొక్కటే వాడేవాళ్లలో షుగర్ పడిపోవడం అరుదు. కాబట్టి "షుగర్ మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగి సరిపెట్టుకోకూడదు. ఏ జాతి మాత్రో తెలియాలి.

ఈ జాతిలో కూడా తేడాలున్నాయి. గ్లిబెన్‌క్లమైడ్ అన్నిటికంటే మొండిది. శరీరంలో అది విరిగాక వచ్చే పదార్థాలు కూడా షుగర్ తగ్గిస్తాయి, కిడ్నీ సరిగా లేకపోతే అవి లోపలే పేరుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే 60 ఏళ్లు దాటినవాళ్లకు అది తగదని రాసి ఉంది. గ్లిమెపిరైడ్ దానికంటే మెరుగే గానీ, దాని ప్రభావం కూడా దాదాపు 24 గంటలు ఉంటుంది. పొద్దున వేసిన మాత్ర సాయంత్రం నాలుగింటికి కూడా పని చేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తినకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మందుల సంచి బల్ల మీద కుమ్మరించండి

చీటీ చూసి మందులు రాసుకోవద్దు. సంచి తెప్పించి, ప్రతి స్ట్రిప్పు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. బ్రాండు పేరు మీద పడకండి, లోపల ఏ మందు ఎంత ఉందో చూడండి. పేరు పక్కన 1, 2 లాంటి అంకెలు ఉంటే చాలాసార్లు అవి గ్లిమెపిరైడ్ మిల్లీగ్రాములే.

అవ్వ సంచిలో టౌన్లో ప్రైవేటు డాక్టరు రాసిన కాంబినేషన్ మాత్ర ఉంది. గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. దాంతో పాటు మా క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చిన గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము స్ట్రిప్పు కూడా ఉంది. "అది టౌన్ మాత్ర, ఇది గవర్నమెంటు మాత్ర నాయనా, రెండూ వేసుకుంటా" అంది. ఆమె లెక్కలో అవి రెండు వేర్వేరు మందులు. మన లెక్కలో మాత్రం రోజుకు 5 మిల్లీగ్రాముల గ్లిమెపిరైడ్. ఆ వయసులో, ఆ బరువుకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి ఆచితూచి పెంచాల్సిన మందు అది. ఇందులో మా తప్పూ ఉంది, స్ట్రిప్పు చేతికిచ్చేటప్పుడు ఇంట్లో ఇంకేం ఉన్నాయని ఎవరూ అడగలేదు.

సంచిలో ఇంకో రెండు రకాల మందులు వెతకండి. ఒకటి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు వీటివల్ల కనపడకుండా పోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, అందుకే వీళ్లను చెమట గురించే గుచ్చి అడగాలి. రెండోది ఈమధ్య కొత్తగా మొదలైన యాంటీబయాటిక్. మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్, ఇవి సల్ఫోనైల్యూరియాతో కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. పైగా ఒంట్లో బాగాలేని ఆ నాలుగు రోజులే మనిషి సరిగా తినడు. అవ్వ సంచిలో బీపీకి ఇచ్చిన అటెనొలాల్ 50 దొరికింది.

తిండి లెక్క తీయండి

అసలు పని ఇది. ఎక్కువమంది రెండు సెకన్లలో తేల్చేసేదీ ఇదే. "వేళకు తింటున్నావా అవ్వా?" అని అడిగితే "తింటున్నా నాయనా" అనే వస్తుంది. తినడంలేదని చెప్పడం ఆ వయసువాళ్లకు నామోషీ. కోడలు పక్కన ఉంటే అసలే చెప్పదు, ఇంటి పరువు కదా. అందుకే ప్రశ్న మార్చండి. నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం జరిగిందో వరసగా చెప్పించుకోండి. కాఫీ ఎన్నింటికి? మాత్ర ఎవరు ఇచ్చారు, అప్పటికి ఏమైనా తిన్నావా? పొయ్యి ఎవరు వెలిగించారు? మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారు? గడియారం టైము చెప్పలేకపోతే బడి గంట, బస్సు వచ్చే టైము, టీవీ సీరియల్ లాంటి గుర్తులు పట్టుకోండి.

అవ్వ రోజు ఇలా తేలింది. పొద్దున అయిదున్నరకు చక్కెర వేసిన కాఫీ. ఆరింటికి కోడలు మాత్రలు చేతిలో పెట్టి, ఆరున్నరకు ఉపాధి పనికి వెళ్లిపోతుంది. చీటీలో "టిఫిన్‌కు ముందు" అని ఉంది కాబట్టి కోడలు చేసింది తప్పేం కాదు. కానీ ఆ టిఫిన్ పదిన్నరకు. రాత్రి మిగిలిన రాగి సంగటిలో మజ్జిగ పోసుకుని తాగుతుంది. మాత్రకూ ముద్దకూ మధ్య నాలుగున్నర గంటలు. మధ్యాహ్నం తినాలనిపిస్తే తింటుంది, లేకపోతే లేదు. "ఒక్కదాన్నే కూచుని ఏం తింటా?" అంది. నాలుగింటికి టీ. రాత్రి ఏడున్నరకు అన్నం, ఆ తర్వాత మళ్లీ మాత్ర.

ఒక్క రోజు లెక్క చాలదు, వారం లెక్క కావాలి. వారానికి 21 పూటలు. ఎన్ని తప్పాయో వేళ్లు మడిచి లెక్కపెట్టించండి. అవ్వకు మధ్యాహ్నం భోజనం నాలుగు రోజులు లేదు. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు, ఆ రోజు పొద్దున కూడా లేదు. వెరసి 21లో 16. మాత్రలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. మందుల విషయంలో ఇంత బుద్ధిమంతురాలు కావడమే ఆమెకు ముప్పైంది.

ఎందుకు తినడంలేదన్నది కూడా తెలియాలి, లేకపోతే తర్వాత మీరిచ్చే సలహా గాల్లో కలిసిపోతుంది. పళ్లు లేవా? వండిపెట్టేవాళ్లు లేరా? నెలాఖరుకు సరుకులు అయిపోతున్నాయా? భర్త పోయాక మనసు బాగాలేదా? తిన్నానో లేదో గుర్తుండటం లేదా? కల్లు, సారా అలవాటుందా? ఖాళీ కడుపున అవి తాగితే కాలేయం షుగర్‌ను తయారుచేయలేదు, పైన ఈ మాత్ర కూడా ఉంటే పడిపోవడం ఖాయమనే అనుకోండి. ఉపవాసాలు ఏవేవి ఉంటారో పేరుపేరునా అడగండి. శనివారం, ఏకాదశి, కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్, ఎవరివి వాళ్లకుంటాయి.

అడగడం మరిచిపోయే ఉపవాసం ఇంకోటి ఉంది, అది మనం పెట్టేది. ఫాస్టింగ్ టెస్టు. రమ్మన్న రోజు అలవాటు కొద్దీ ఇంట్లో మాత్ర వేసేసుకుని, ఏమీ తినకుండా బస్సెక్కి, మన వరండాలో పదకొండింటిదాకా కూర్చుంటారు. క్లినిక్‌లో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను ఇలాగే చూశాను. టెస్టు రోజు మాత్రా, టిఫిన్ బాక్సూ రెండూ వెంట తెచ్చుకోవాలి. రక్తం ఇచ్చాక తినాలి, తింటూ మాత్ర వేసుకోవాలి.

ఇప్పటికే లో షుగర్ వచ్చిందేమో తవ్వండి

పెద్దవాళ్లలో లో షుగర్ పుస్తకంలో ఉన్నట్టు రాదు. "చేతులు వణికాయా, ఆకలి వేసిందా?" అని అడిగితే లేదనే అంటారు. తెల్లవారేసరికి జాకెట్టు, దిండు తడిసి ఉంటున్నాయా? పీడకలలు వస్తున్నాయా? గత ఆరు నెలల్లో కింద పడ్డారా, పడితే ఏ టైములో? ఉన్నట్టుండి విసుగు, మాట తడబడటం, పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోవడం ఉన్నాయా? తీపి ఏదైనా నోట్లో పడగానే తేరుకుంటున్నారా? ఈ ప్రశ్నలు మనిషినీ అడగాలి, ఇంట్లోవాళ్లనూ విడిగా అడగాలి. షుగర్ పడిపోయినప్పుడు ఏం జరిగిందో ఆ మనిషికి గుర్తుండకపోవచ్చు.

ఇందులో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాతకు ఫాస్టింగ్ 178 ఉందని గ్లిమెపిరైడ్ 1 నుంచి 2కు పెంచాను. ఏం తింటున్నాడో అడగలేదు. నెలాఖరులో ఆయన రోజుకు ఒక్కపూటే తింటాడని తర్వాత తెలిసింది. వారం తిరగకముందే మాట ముద్దగా వస్తోందని, పక్షవాతమేమోనని 108లో తెచ్చారు. మీటరు పెడితే 38. డెక్స్‌ట్రోజ్ ఎక్కించిన పది నిమిషాల్లో లేచి కూర్చుని "ఇంటికి పోతా" అన్నాడు. అప్పుడు డ్యూటీలో ఉన్న సీనియర్ పంపనివ్వలేదు, అది మా అదృష్టం. సాయంత్రానికి మళ్లీ 52కు దిగింది. మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ షుగర్ మళ్లీ పడుతూనే ఉంటుంది, అందుకే సల్ఫోనైల్యూరియాతో గట్టిగా పడిపోయినవాళ్లను కనీసం 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. పక్షవాతం అనుమానంతో వచ్చిన ప్రతి షుగర్ పేషెంటుకూ మొదట మీటరు పెట్టడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

కిడ్నీ అంకెను ఒళ్లు చూసి చదవండి

అవ్వ క్రియాటినిన్ 1.3. ల్యాబువాళ్లు పక్కన చిన్న బాణం గుర్తు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. 44 కిలోల మనిషిలో కండే తక్కువ, కాబట్టి క్రియాటినిన్ తయారయ్యేదీ తక్కువే. అయినా 1.3 ఉందంటే కిడ్నీ బాగా తగ్గినట్టు. కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడకడుతోందో లెక్క చేయడం కష్టమేం కాదు. 140లోంచి వయసు తీసేయండి, వచ్చినదాన్ని బరువుతో గుణించండి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించండి, ఆడవాళ్లయితే 0.85తో గుణించండి. అవ్వకు 66ను 44తో గుణిస్తే 2904. దాన్ని 93.6తో భాగిస్తే 31. 0.85తో గుణిస్తే 26. అదే ల్యాబు రిపోర్టులో ఈ వడపోతకే ఇంకో అంచనా అయిన ఈజీఎఫ్‌ఆర్ 43 అని ఉంది. చిన్న ఒళ్లున్న ముసలివాళ్లలో ఈ రెండింటికీ ఇంత తేడా రావడం మామూలే. ఏ అంకె తీసుకున్నా కిడ్నీ బలహీనమే, అంటే మందు ఎక్కువసేపు ఒంట్లో నిలిచే అవకాశం ఉందని.

హెచ్‌బీఏ1సీ 6.8ను కూడా ఇప్పుడు కొత్త కళ్లతో చూడాలి. అది మూడు నెలల సగటు. మధ్యలో 55కు దిగి 220కు ఎక్కినా సగటు అందంగానే కనిపిస్తుంది. పైగా అవ్వ హిమోగ్లోబిన్ 9.8. రక్తం తక్కువగా ఉన్నా, కిడ్నీ బాగాలేకపోయినా ఆ సగటును పూర్తిగా నమ్మలేం. ఇన్ని జబ్బులున్న, ఒళ్లు తగ్గిపోయిన పెద్దవాళ్లకు 8 లోపు ఉంటే చాలని డయాబెటిస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి సల్ఫోనైల్యూరియా మీద ఉండి 7 లోపు వచ్చిన పెద్ద మనిషిని మెచ్చుకోవాల్సిన పనిలేదు, ఎందుకంత తగ్గిందని అడగాలి.

మీటరు పెట్టాల్సిన టైములో పెట్టండి

క్లినిక్‌కు వచ్చిన రోజు అవ్వ షుగర్ 141. ఎందుకుండదు? బస్టాండులో ఇడ్లీ తిని వచ్చింది. మన దగ్గర తీసే అంకె ఆమె ఇంటి సంగతి చెప్పదు. ఆశా కార్యకర్త దగ్గర మీటరు ఉంటే, లేదా పక్కింట్లో ఎవరి దగ్గరైనా అరువు దొరికితే, తిండి లెక్కలో ఎక్కడ ఖాళీ ఉందో సరిగ్గా అక్కడ చూడాలి. అవ్వ విషయంలో అవి రెండు టైములు. పొద్దున సంగటి తాగబోయే ముందు, మధ్యాహ్నం తినని రోజు సాయంత్రం టీకి ముందు. మూడు రోజులు చూస్తే చాలు. స్ట్రిప్పుల డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి. వేలికి బెల్లం, పండు రసం అంటి ఉంటే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, చేయి కడిగి ఆరాక గుచ్చండి.

అవ్వకు పొద్దున పదిన్నరకు 66, తినని రోజు నాలుగింటికి 58 వచ్చాయి. 70 లోపు ఉంటే లో షుగర్. 54 లోపు ఉంటే ప్రమాదకరం. ఇంకొకరి సాయం లేకుండా తేరుకోలేని స్థితి వస్తే, మీటరులో ఎంత ఉన్నా తీవ్రమైనదే.

ఇప్పుడు తేల్చండి

మార్కులు వేసి కూడే పద్ధతులు ఉన్నాయి గానీ, నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. ఒక్కటే చూస్తాను. ఈ మాత్ర ఒంట్లో పనిచేసే టైములో కడుపులో ఏమీ లేని గంటలు ఉన్నాయా? ఉంటే ముప్పు ఉన్నట్టే. దానికి తోడు కిడ్నీ బలహీనత, ఇప్పటికే వచ్చిన లో షుగర్, ఒంటరితనం, మతిమరుపు, వీటిలో ఏ ఒక్కటి కలిసినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాల్సిన కేసు. వచ్చే నెలకు వాయిదా వేయొద్దు. 54 లోపు అంకె కనపడినా, స్పృహ తప్పినా, లో షుగర్‌తో కింద పడినా ఫోన్‌తో ఆగకండి, ఆసుపత్రికి పంపండి.

ఫోన్లో ఏం చెప్పాలో కూడా ముఖ్యమే. "సార్, అవ్వకు షుగర్ తగ్గుతోంది" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. "74 ఏళ్లు, 44 కిలోలు, రెండు చోట్ల నుంచి కలిపి రోజుకు గ్లిమెపిరైడ్ 5, క్రియాటినిన్ 1.3, వారంలో అయిదు పూటలు తినలేదు, సాయంత్రం 58" అనండి. ఒక్క నిమిషంలో నిర్ణయం అయిపోతుంది.

అవ్వకు ఆ రోజు చేసిన మార్పు ఇది. మా స్ట్రిప్పు వెనక్కి తీసుకున్నాం. కాంబినేషన్ మాత్ర ఆపేశాం. అందులో రెండు మందులు అతుక్కుని ఉన్నాయి కాబట్టి రాత్రి గ్లిమెపిరైడ్ మాత్రమే తీసేయడం కుదరదు. మెట్‌ఫార్మిన్ 500 విడిగా రెండు పూటలా అన్నంతో. ఈజీఎఫ్‌ఆర్ 43 ఉన్న ఆమె కిడ్నీకి అదే గరిష్ఠం. గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము పొద్దున మొదటి తిండితో మాత్రమే. టౌన్ డాక్టరుకు కూడా ఒక చీటీ రాసి పంపాను, లేకపోతే వచ్చే నెల పాత మాత్రలే మళ్లీ ఇంటికొస్తాయి.

తిండి సలహా రాసే పద్ధతి

"వేళకు తినమని చెప్పడమైనది." ఓపీ పుస్తకాల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వేళ, ఏం తినాలి, ఎవరు పెట్టాలి, తినకపోతే మాత్ర ఏం చేయాలి, ఒక్కదానికీ జవాబు లేదు. రేపు ఏదైనా జరిగితే వేరే డాక్టరుకు ఆ వాక్యం ఏ సమాచారమూ ఇవ్వదు.

సలహా ఇచ్చే ముందు ఆ ఇంట్లో అది జరుగుతుందా అని చూడండి. అవ్వను ఎనిమిదింటికి ఇడ్లీ తినమంటే ఎవరు చేస్తారు? సంగటి పొద్దున్నే ఉంటుంది, రాత్రి చేసిందే. కాబట్టి సంగటిని ముందుకు జరపడం తేలిక. మాత్ర కోడలు ఇవ్వడం మానేసి, సంగటి గిన్నె మూత మీద పెట్టి వెళ్తుంది. అవ్వ గిన్నె దగ్గరికి వస్తేనే మాత్ర కనపడుతుంది. ఈ ఉపాయం నాది కాదు, కోడలిది. మధ్యాహ్నానికి పక్కింటి ఆవిడతో కలిసి తింటానని అవ్వే అంది.

ఇంకో సంగతి, మాత్ర కోసం తిండి పెంచకండి. షుగర్ పడకుండా ఉండాలని రోజూ బిస్కెట్లు, చక్కెర నీళ్లు అలవాటు చేయడం చూస్తుంటాను. అంత తీపి తినిపిస్తే గానీ ఆగని మాత్ర ఆ మనిషికి ఎక్కువైనట్టే.

పుస్తకంలో మేం రాసింది ఇది:

> వారంలో 21 పూటల్లో 16 తింటున్నారు. మధ్యాహ్నం 4 రోజులు లేదు, శనివారం ఒక్కపొద్దు. మాత్రకూ మొదటి తిండికీ 4½ గంటల ఖాళీ. ఇంటి దగ్గర షుగర్: పొద్దున 10:30కు 66, సాయంత్రం 4కు (భోజనం లేదు) 58. సాయంత్రాల్లో తికమక, తీపితో తగ్గుతోంది. గ్లిమెపిరైడ్ రెండు చోట్ల నుంచి, మొత్తం 5 మి.గ్రా. క్రియాటినిన్ 1.3, బరువు 44. అటెనొలాల్ వాడుతున్నారు. ముప్పు ఎక్కువ. వైద్యాధికారి నిర్ణయంతో గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా.కు తగ్గింపు.
> తిండి సలహా: ఎనిమిదింటికి సంగటి, మజ్జిగ, దాంతోనే మాత్ర. ఒంటిగంటకు అన్నం, పప్పు లేదా కూర, పక్కింట్లో. రాత్రి ఏడున్నరకు అన్నం. శనివారం పొద్దున తినకపోతే గ్లిమెపిరైడ్ లేదు, రాత్రికి కలిపి వేసుకోకూడదు.
> ఎవరికి చెప్పాం: అవ్వకు, కోడలికి. ఇద్దరూ తిరిగి సరిగా చెప్పారు. 2 వారాల్లో చూడాలి.

తిరిగి చెప్పించడం మానొద్దు. "అర్థమైందా?" అని అడిగితే తలూపుతారు. "శనివారం ఒక్కపొద్దు ఉంటే ఈ మాత్ర ఏం చేస్తావవ్వా?" అని అడగండి. మొదటిసారి అవ్వ "రాత్రికి రెండూ వేసుకుంటా" అంది. అడక్కపోతే అలాగే చేసేది. మాత్రను రంగుతో గుర్తు చెప్పకండి, వచ్చే నెల స్టాకులో రంగు మారిపోతుంది. స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో గిన్నె బొమ్మ గీశాం, తింటేనే వేసుకోవాల్సిన మాత్ర అని. కొత్త స్ట్రిప్పు ఇచ్చిన ప్రతిసారీ మళ్లీ గీయాలి.

అవ్వ ఇంట్లో గోడకు అంటించడానికి పెద్ద అక్షరాలతో ఇంకో కాగితం ఇచ్చాం. చెమట, తికమక, కళ్లు తిరగడం ఉంటే మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఒకసారి. తగ్గాక ఊరుకోకుండా అన్నమో సంగటో పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే షుగర్ మాత్రలు రెండూ ఆపి ఆ రోజే క్లినిక్‌కు కబురు పెట్టాలి.

చక్కెర విషయంలో ఒక మెలిక ఉంది. చాలా కాంబినేషన్ మాత్రల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ కూడా ఉంటుంది. అది చక్కెరను పేగులో త్వరగా విరగనివ్వదు. అలాంటివాళ్లకు చక్కెర నీళ్లు తాగించి 15 నిమిషాలు చూస్తూ కూర్చుంటే లాభం లేదు. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడే కలపాలి, అది విరగాల్సిన పని లేకుండా నేరుగా రక్తంలోకి వెళుతుంది. సంచి తిరగేసినప్పుడు వోగ్లిబోస్, అకార్బోస్ కనపడితే కాగితం మీద చక్కెర కొట్టేసి గ్లూకోజ్ అని రాయండి.

రెండు వారాల తర్వాత

అవ్వ వచ్చింది. సాయంత్రం తికమక లేదని కోడలు చెప్పింది. పొద్దున సంగటి, మాత్ర కుదిరాయి. మధ్యాహ్నం మాత్రం కుదరలేదు. పక్కింటావిడ కూతురి కాన్పుకని ఊరెళ్లింది, అవ్వ మళ్లీ ఒంటరిగా మిగిలింది. తినని రోజు నాలుగింటికి 68 వచ్చింది. ఒక్క మిల్లీగ్రాము మీద కూడా. ఫాస్టింగ్ 138.

ఇలాంటప్పుడు "చెప్పినా వినలేదు" అని రాయకండి. సలహా స్పష్టంగా రాసి ఉంది కాబట్టే ఎక్కడ తప్పిందో తెలిసింది. ఆ మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లో రోజూ జరిగేది కాదని తేలిపోయింది. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపి, లినాగ్లిప్టిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి ఇచ్చాం. దానికి కిడ్నీని బట్టి డోసు మార్చనక్కర్లేదు, ఒంటరిగా షుగర్‌ను పడేసే గుణమూ దాదాపు లేదు. పుస్తకంలో ఎర్ర సిరాతో "సల్ఫోనైల్యూరియా ఇవ్వకూడదు, కారణం: భోజనం నిలకడగా లేదు, 58, 68" అని మొదటి పేజీలో రాశాం. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.6 వచ్చింది. 6.8 నుంచి పెరిగిందని కోడలు కంగారుపడింది. ఆమెను కూర్చోబెట్టి, ఈ ఇంటికి ఇదే మంచి అంకె అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. శనివారం ఒక్కపొద్దు మాత్రం అవ్వ మానలేదు, మేమూ మానమనలేదు.